వీడియోలో జీఎస్టీ విచారణ: ఆ రోజూ, తర్వాతి మూడు రోజులూ

శ్రోతలకు నమస్కారం.

జీఎస్టీ విచారణ అంటే కాగితాల సంచీ పట్టుకుని పొద్దున్నే బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళడమే అని చాలామంది ఇంకా అనుకుంటున్నారు. కేంద్ర జీఎస్టీ అధికారుల దగ్గర ఇప్పుడు ఆ పని ఎక్కువగా వీడియోలోనే జరుగుతోంది. 2020 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 నవంబరులో ఇదే మామూలు పద్ధతి కావాలని, ఎవరైనా నేరుగా వచ్చి చెప్పుకోవాలంటే కారణం చూపి అడగాలని చెప్పింది. నోటీసు ఇచ్చింది రాష్ట్ర అధికారులైతే గడువులు వేరుగా ఉండొచ్చు. అందులో ఏం రాసుంటే అదే పాటించండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంబాజీపేటలో కొబ్బరి పీచు యూనిట్ నడిపే ఒకాయన తమిళనాడు వ్యాపారికి ఆరు లక్షల రూపాయల పీచు తాడు పంపారు. దానిమీద అయిదు శాతం పన్ను, ముప్ఫై వేలు. సరుకు నవంబరు 30న లారీ ఎక్కింది. గుమస్తా నవంబరు అమ్మకాల వివరాల్లో, అంటే జీఎస్టీఆర్-1లో, బిల్లు నంబరు 214 అని ఎక్కించాడు. డిసెంబరులో బిల్లు బుక్కు చూసి, అదే బిల్లును ‘కేఎఫ్/214’ అని మళ్ళీ ఎక్కించాడు. నంబరు వేరుగా కనిపించేసరికి పోర్టల్ అడ్డుచెప్పలేదు. పన్ను మాత్రం ఒక్కసారే కట్టారు. సవరించుకునే గడువు దాటిపోయాక నోటీసు వచ్చింది: అమ్మకాల వివరాల్లో చూపిన పన్ను కన్నా ముప్ఫై వేలు తక్కువ కట్టారు, అది కట్టండి, దానిమీద ఏడాదికి పద్దెనిమిది శాతం వడ్డీ, పైన జరిమానా అని.

ఆయన పోర్టల్‌లో డీఆర్‌సీ-06 అనే ఫారంలో జవాబు ఇచ్చారు. అందులో ‘వ్యక్తిగత విచారణ కావాలా’ అన్నచోట అవును అని గుర్తు పెట్టారు. చాలామంది ఆ గడి చూడకుండా వదిలేస్తారు, మీరు వదలకండి. విచారణ తేదీ ఈమెయిలుకు వస్తుంది. పోర్టల్‌లో ‘అదనపు నోటీసులు, ఉత్తర్వులు’ అనే చోట కూడా కనిపించవచ్చు. ఆ పేజీని వారానికోసారైనా తెరిచి చూడాలి. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిలు ఎప్పుడో మానేసిన గుమస్తాదైతే ముందు దాన్ని మార్పించండి. తేదీ కుదరకపోతే తగిన కారణం చెప్పి వాయిదా అడగవచ్చు. మూడుసార్లకు మించి చట్టం ఒప్పుకోదు.

విచారణకు ముందే రెండు కాగితాలు స్కాన్ చేసి అధికారి ఈమెయిలుకు పంపాలి. మీ తరఫున ఆడిటరుగారో వకీలుగారో మాట్లాడుతుంటే వారికిచ్చిన అధికార పత్రం ఒకటి, వారి ఫొటో గుర్తింపు కార్డు రెండోది. విచారణకు అధికారి పంపిన వీడియో లింకును మీ కేసుతో సంబంధం లేనివాళ్ళకు పంపకండి.

ఇక సాక్ష్యం కాగితాలు. మన పీచు యూనిట్ ఆయన దగ్గర నాలుగున్నాయి: బిల్లు బుక్కులో 213, 214, 215 వరుసగా ఉన్న కార్బన్ కాపీలు, నవంబరు 30 నాటి ఈ-వే బిల్లు, బ్యాంకులో ఆరు లక్షల ముప్ఫై వేలు ఒక్కసారే జమైన పేజీ, నవంబరు, డిసెంబరు రిటర్నులు. వీటిని నాలుగు ఫైళ్ళుగా కాకుండా ఒకే పీడీఎఫ్‌గా కలిపి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరుస నంబర్లు వేసి ముందురోజే పంపారు. తెర మీద ఫైళ్ళు వెతుక్కుంటుంటే మీకిచ్చిన సమయం అందులోనే పోతుంది. “సార్, ఏడో పేజీ చూడండి” అంటే అధికారి తన దగ్గరున్న కాపీలోనే తెరుచుకుంటారు. మీ స్క్రీన్ షేరింగ్ పనిచేయకపోయినా ఇబ్బంది ఉండదు.

కనెక్షన్ సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాలి. కరెంటు పోతే ఇంట్లో రౌటరూ ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నా ఉపయోగం ఉండదు. రౌటరును ఇన్వర్టరుకు కలపండి. ఇంకో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్లో హాట్‌స్పాట్ ముందే ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌కు ఒకసారి కలిపి చూసుకోండి. రేకుల షెడ్డులో సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, పీచు యంత్రం చప్పుడుకు మాట వినిపించదు. రోడ్డు వైపు గదిలో కూర్చోవడం మంచిది. చెప్పిన యాప్ ముందురోజే దించుకుని, విచారణ జరిగే వేళకే ఒకసారి పరీక్షించండి. తెర మీద మీ పేరు స్థానంలో సంస్థ పేరు కనిపించేలా పెట్టుకోండి. లేకపోతే ఎవరో తెలియక లోపలికి రానివ్వకుండా ఆపేస్తారు.

ఇంత చేసినా మధ్యలో తెగిపోవచ్చు. అప్పుడు చూస్తూ కూర్చోవద్దు. నోటీసులో ఉన్న నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. ఫోన్ కలిసినా కలవకపోయినా, “11 గంటల 20 నిమిషాలకు కనెక్షన్ తెగింది, మళ్ళీ కలపండి లేదా వేరే సమయం ఇవ్వండి” అని రెండు వాక్యాల మెయిల్ అప్పటికప్పుడే పంపండి. ఆ మెయిల్ లేకపోతే, మీరు హాజరు కాలేదని రాసినా కాదని చెప్పడానికి ఆధారం ఉండదు.

విచారణలో మన ఆయన కాగితాలన్నీ చూపించారు. అధికారి అన్నీ చూసి ఒకే ప్రశ్న అడిగారు: “మీరు రెండుసార్లు ఎక్కించారు కాబట్టి, కొన్నవాళ్ళ ఖాతాలో కూడా రెండు బిల్లులు కనిపించి ఉంటాయి. వాళ్ళు ఆ ముప్ఫై వేల క్రెడిట్ రెండుసార్లు వాడుకోలేదని ఎలా తెలుస్తుంది?” బిల్లులో కట్టిన పన్నును కొన్నవాళ్ళు తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడమే ఈ క్రెడిట్. అసలు కేసు తేలేది ఇక్కడే. ప్రభుత్వానికి నష్టం జరిగిందా లేదా అన్నది ఆ జవాబు మీదే ఉంది. ఆయన దగ్గర దానికి కాగితం లేదు. “వాడుకోలేదు సార్, వాళ్ళ దగ్గర ధ్రువపత్రం తీసుకుని మూడు రోజుల్లో పంపుతాను” అన్నారు. సరైన జవాబు అదే. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి ఉంటే అదే రికార్డులో నిలిచిపోయేది.

ఆ మూడు రోజులూ మార్గదర్శకాల్లో ఉన్నవే. విచారణలో చెప్పిన అదనపు కాగితాలను స్వయంగా ధ్రువీకరించి, స్కాన్ చేసి, ఈమెయిలులో పంపాలి. విచారణ జరిగిన రోజు లెక్కలోకి రాదు. ఇంకో మూడు రోజుల గడువు కూడా ఉంది. దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. మీరు ఏమేం చెప్పారో అధికారి రాసిన రికార్డు ఒక్కరోజులో మీ మెయిలుకు వస్తుంది. అందులో తేడా ఉంటే సరిచేసి, సంతకం పెట్టి, అది అందిన మూడు రోజుల్లో తిరిగి పంపాలి. పంపకపోతే మీరు ఒప్పుకున్నట్టే లెక్క. తర్వాత ఎవరూ మార్చరు. మన ఆయనకు వచ్చిన రికార్డులో ‘డిసెంబరు బిల్లుకు పన్ను కట్టలేదని ఒప్పుకున్నారు’ అని ఉంది. ఆయన అన్నది అది కాదు. డిసెంబరులో అసలు అమ్మకమే లేదు అన్నారు. ఆ ఒక్క వాక్యం దిద్ది పంపారు.

ధ్రువపత్రంతో కలిపి ఆయన పంపిన రాతపూర్వక వాదన పేజీన్నర దాటలేదు. విచారణ తేదీ, నోటీసు నంబరు పైన వేశారు. మొదటి పేరాలో అధికారి అడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు రాశారు. రెండో పేరాలో జవాబు: కొన్న వ్యాపారి తన లెటర్‌హెడ్ మీద, తన జీఎస్టీ నంబరుతో, 214 ఒక్క బిల్లుకే క్రెడిట్ తీసుకున్నామని, ‘కేఎఫ్/214’కు తీసుకోలేదని రాసి సంతకం చేసిన పత్రం, దాంతోపాటు వాళ్ళ ఖాతా పేజీ. మూడో పేరాలో డిసెంబరులో ఆ వ్యాపారి పేరిట ఈ-వే బిల్లు లేదని, బ్యాంకులో జమ లేదని, ముందు పంపిన పీడీఎఫ్ పేజీ నంబర్లు ఇచ్చారు. విచారణలో రాని కొత్త వాదన ఏదీ ఇందులో పెట్టలేదు.

పంపిన మెయిల్, దిద్దిన రికార్డు, పేజీ నంబర్లున్న పీడీఎఫ్ మూడూ ఒకే ఫోల్డర్లో దాచుకోండి. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన నాటి నుంచి మూడు నెలల్లో అప్పీలు వేసుకోవచ్చు. వివాదంలో ఉన్న పన్నులో పది శాతం ముందు కట్టాలి, ఈ కేసులో మూడు వేలు. అప్పీలు అధికారి ముందు కొత్త సాక్ష్యం పెట్టడం అంత సులువు కాదు. అందుకే కొన్నవాళ్ళ ధ్రువపత్రం ఈ మూడు రోజుల్లోనే ఫైల్లోకి చేరాలి.