గ్యాప్ స్కానర్ పైవరుసలోని షేరు ఎందుకు మోసపుచ్చుతుంది: స్టూడియో చర్చ

నిర్వాహకురాలు: నమస్కారం. ఇంట్రాడే ట్రేడింగ్ చేసేవారిలో చాలామంది మార్కెట్ తెరవకముందే స్కానర్ తెరిచి, నిన్నటి ముగింపు ధరకు బాగా పైనో కిందో ట్రేడ్ అవుతున్న షేర్లలో మామూలు కంటే ఎక్కువ వాల్యూమ్ ఉన్నవాటిని ఏరుకుంటారు. అలా ఏరిన జాబితాలో మొదటి వరుసలో నిలిచిన షేరు తరచుగా ఎందుకు నిరాశపరుస్తుందన్నదే ఈరోజు మన చర్చ. స్టూడియోలో ఒక ఇంట్రాడే ట్రేడర్, ధరల డేటాపై పనిచేసే ఒక విశ్లేషకురాలు ఉన్నారు. సార్, ముందుగా ఈ రెండు కొలతలను వివరిస్తారా?

ట్రేడర్: నిన్నటి ముగింపు ధరకూ ఇప్పటి ప్రీ మార్కెట్ ధరకూ ఉన్న తేడాను శాతంలో చెబితే అది గ్యాప్. ఈ వేళకు ట్రేడ్ అయిన షేర్ల సంఖ్యను, గత కొన్ని రోజుల్లో ఇదే వేళకు సగటున ట్రేడ్ అయిన సంఖ్యతో భాగిస్తే వచ్చేది రిలేటివ్ వాల్యూమ్. నిన్నటికీ ఈరోజుకూ మధ్య ఏదో కొత్త సమాచారం వచ్చిందని గ్యాప్ సూచిస్తుంది, ఆ సమాచారాన్ని ఎంతమంది పట్టించుకుంటున్నారో వాల్యూమ్ సూచిస్తుంది. రెండూ కలిసినచోట రోజంతా కొనుగోలుదారులూ అమ్మకందారులూ ఉంటారు కనుక, లోపలికి వెళ్లడమూ బయటికి రావడమూ సులువవుతాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు, కొలిచే తీరులోనే చిక్కులు వస్తాయి.

నిర్వాహకురాలు: మేడమ్, ఆ చిక్కు ఎక్కడ మొదలవుతుంది?

విశ్లేషకురాలు: నా అనుభవంలో ఎక్కువగా హారంలో మొదలవుతుంది. అందరూ ఈరోజు వాల్యూమ్ వైపే చూస్తారు గానీ, దాన్ని దేనితో భాగిస్తున్నామో చూడరు. ఇప్పుడు సార్ ‘ఇదే వేళకు’ అన్నారు, ఆ రెండు మాటలు చాలా ముఖ్యం. కొన్ని స్కానర్లు రోజంతటి సగటు వాల్యూమ్‌ను నిమిషాల లెక్కన సమానంగా పంచి, దానితో పోలుస్తాయి. ఆరున్నర గంటలు నడిచే మార్కెట్‌లో 390 నిమిషాలుంటాయి కాబట్టి, మొదటి ఐదు నిమిషాల వాటా 78వ వంతు అవుతుంది. నిజానికి వాల్యూమ్ రోజంతా సమానంగా ఉండదు, తెరిచినప్పుడూ మూసే ముందూ బాగా పెరిగి మధ్యాహ్నం పలచబడుతుంది. ఒక షేరులో మామూలు రోజున కూడా మొదటి ఐదు నిమిషాల్లోనే 5 శాతం వాల్యూమ్ జరుగుతుందనుకుందాం. అప్పుడు ఏ వార్తా లేని రోజున కూడా ఆ స్కానర్ రిలేటివ్ వాల్యూమ్ 3.9 అని చూపిస్తుంది. మధ్యాహ్నం వేళ ఇదే స్కానర్ నిజమైన సందడిని కూడా తక్కువ చేసి చూపిస్తుంది.

నిర్వాహకురాలు: తన స్కానర్ ఇలా లెక్కిస్తోందని ట్రేడర్‌కు ఎలా తెలుస్తుంది?

విశ్లేషకురాలు: తెరిచిన ఐదు నిమిషాలకు జాబితా మొత్తాన్ని ఒకసారి చూడాలి. పెద్ద వార్తలేమీ లేని రోజున కూడా సగానికి పైగా షేర్లు 2 దాటి కనిపిస్తే, హారం తప్పుగా ఉందని అనుమానించాలి. వేళను సరిగా లెక్కలోకి తీసుకున్న స్కానర్‌లో అలాంటి రోజున ఎక్కువ షేర్లు 1 దరిదాపుల్లోనే ఉంటాయి.

నిర్వాహకురాలు: మరి హారం సరిగానే ఉంటే?

ట్రేడర్: ప్రీ మార్కెట్‌లో అప్పుడూ మరో ఇబ్బంది మిగులుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక షేరు నిన్న 40 దగ్గర ముగిసింది, ఈ ఉదయం చివరి ట్రేడ్ 43.20 దగ్గర జరిగింది. గ్యాప్ 8 శాతం. ఇప్పటికి 60,000 షేర్లు చేతులు మారాయి, మామూలుగా ఈ వేళకు 2,000 కంటే మారవు. కనుక రిలేటివ్ వాల్యూమ్ 30 అని చూపిస్తూ ఆ షేరు జాబితాలో మొదటి వరుసకు వచ్చేస్తుంది. ఇప్పుడు ట్రేడ్‌ల వరుసను విప్పి చూస్తే, ఆ 60,000లో 45,000 ఒకే ఒక్క ట్రేడ్‌లో జరిగాయని కనిపించిందనుకోండి. దాన్ని పక్కన పెడితే మిగిలింది 15,000, అంటే 7.5 రెట్లు. తర్వాత ఆర్డర్ బుక్ చూస్తే, కొనేవారి అత్యధిక ధర 41.50, అమ్మేవారి అత్యల్ప ధర 43.20. అంటే చివరి ట్రేడ్ ఎవరో అమ్మకం ధరకు కొన్నది మాత్రమే. మధ్య ధర 42.35 లెక్కన గ్యాప్ 6 శాతానికి కాస్త తక్కువ, ఇప్పటికిప్పుడు అమ్మాలనుకునేవారికి దక్కేది 3.75 శాతమే. లోపలికి వెళ్లి వెంటనే బయటికి వస్తే ఆ రెండు ధరల మధ్య తేడాకే దాదాపు 4 శాతం పోతుంది.

విశ్లేషకురాలు: అదే జాబితాలో ఎక్కడో కింద, నిన్న 200 దగ్గర ముగిసి ఇప్పుడు 207 దగ్గర, 6 రెట్ల వాల్యూమ్‌తో నడుస్తున్న షేరు ఉండవచ్చు. అక్కడ 1.5 లక్షల సగటు మీద 9 లక్షల షేర్లు చాలా ట్రేడ్‌లుగా చేతులు మారాయి. మామూలుగా రెండు వేల షేర్లే కదిలే చోట ఒక్క ఆర్డర్‌తోనే 30 రెట్లు రావచ్చు, లక్షన్నర కదిలే చోట ఆరు రెట్లు కావాలంటే చాలామంది రావాలి. అందుకే రెట్లతో పాటు కనీస సంఖ్య కూడా వడపోతలో ఉండాలంటాను.

నిర్వాహకురాలు: దీనికి వ్యతిరేకంగా, మంచి షేరును స్కానర్ వదిలేసే సందర్భాలు ఉంటాయా?

విశ్లేషకురాలు: ఉంటాయి, అవి కంటికి కనిపించవు కనుక మరింత హానికరం. సగటు తీసుకునే 20 రోజుల్లో 19 రోజులు లక్ష చొప్పున, ఫలితాలు వెలువడిన ఒక్క రోజున 21 లక్షలు ట్రేడ్ అయ్యాయనుకోండి. మొత్తం 40 లక్షలు, సగటు 2 లక్షలు. ఈరోజు 3 లక్షలు వస్తే రిలేటివ్ వాల్యూమ్ 1.5 మాత్రమే కనుక, 2 దాటాలన్న వడపోతలో ఆ షేరు పడిపోతుంది. సగటుకు బదులు మధ్యస్థ విలువ తీసుకుంటే హారం లక్ష అవుతుంది, ఫలితం 3 వస్తుంది. ఆ ఒక్క రోజు 20 రోజుల కిటికీ దాటి బయటికి పోయేవరకు ఈ పొరపాటు ప్రతి ఉదయమూ జరుగుతూనే ఉంటుంది.

ట్రేడర్: షేర్ల విభజన జరిగిన రోజు కూడా గుర్తుంచుకోవాలి. ఒక షేరును ఐదుగా విభజిస్తే, పాత డేటాను సవరించని స్కానర్ 80 శాతం పతనాన్ని, ఆసక్తి ఏమీ పెరగకుండానే దాదాపు ఐదు రెట్ల వాల్యూమ్‌ను చూపిస్తుంది. డివిడెండ్ హక్కు తొలగిన రోజున కనిపించే గ్యాప్‌లోనూ వార్త ఉండదు. అందుకే గ్యాప్‌కు కారణం రాసుకోలేని షేరును నేను ముట్టుకోను.

నిర్వాహకురాలు: చాలామంది పాత డేటాపై పరీక్షించి, అధిక రిలేటివ్ వాల్యూమ్ ఉన్న షేర్లు పెద్ద కదలికలు ఇచ్చాయని చూపిస్తారు. అది ఆధారం కాదా?

విశ్లేషకురాలు: ఏ వేళ వాల్యూమ్‌తో ఎంచుకున్నారన్నదానిపై ఆధారపడి ఉంటుంది. రోజు ముగిశాక ఉన్న మొత్తం వాల్యూమ్‌తో షేర్లను ఎంచుకుని, అదే రోజు ఉదయం కొన్నట్టు లెక్కిస్తే, ఫలితం ముందే తెలిసినట్టు అవుతుంది. ధర ఒక దిశలో సాగినందువల్లే మధ్యాహ్నం జనం వచ్చి వాల్యూమ్ పెరిగిన రోజులన్నీ ఆ పరీక్షలోకి చేరిపోతాయి. ఉదయం గ్యాప్‌తో మొదలై గంటలోపే చల్లారిన షేర్లు రోజు చివరికి సాధారణ వాల్యూమ్‌తో ముగుస్తాయి కనుక బయటే ఉండిపోతాయి. నిజానికి ఉదయం జాబితాలో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి, వాటిని వేరు చేయడమే అసలు కష్టం.

నిర్వాహకురాలు: అయితే సరైన పరీక్ష ఎలా ఉండాలి?

ట్రేడర్: మార్కెట్ తెరవడానికి ఐదు నిమిషాల ముందు స్కానర్ చూపిన జాబితాను మొత్తంగా, నచ్చని షేర్లతో సహా, ప్రతిరోజూ భద్రపరచాలి. ప్రతి షేరు పక్కన గ్యాప్, రిలేటివ్ వాల్యూమ్, షేర్ల సంఖ్య, కొనుగోలు అమ్మకం ధరల మధ్య తేడా, వార్త ఏమిటన్నవి ఉండాలి. తర్వాత తెరిచిన అరగంటలో ఆ తేడా తగ్గిందా, వాల్యూమ్ అదే జోరుతో కొనసాగిందా అన్నది చేర్చాలి. తేడా తగ్గకుండా వాల్యూమ్ పడిపోయిన షేర్లు ఏ లక్షణంతో ఎక్కువగా వస్తున్నాయో ఆ జాబితాలోనే తేలుతుంది. వడపోత అంకెలను అప్పుడు మార్చుకోవాలి, ఒక్క నష్టం వచ్చిన సాయంత్రం కాదు.