పులిమేక ఆటలో మూసిన గీత: మేక బతికే చోటు, పులి చిక్కే చోటు

అందరికీ నమస్కారం. పాత గుళ్ల మండపాల్లో, ఊరి రచ్చబండల మీద చెక్కి ఉండే పులిమేక పటం మీలో చాలామందికి తెలుసు. చాలామంది ఆడి కూడా ఉంటారు. మేకల వైపు కూర్చున్నవారు ఎక్కువగా ఎందుకు ఓడిపోతారో, అదే పటం మీద ఒక్క మేక కూడా పోకుండా మూడు పులులనూ ఎలా కట్టవచ్చో ఈ పూట చెబుతాను. మూడు పులులు, పదిహేను మేకలు ఉండే ఆటనే తీసుకుంటున్నాను.

ముందు పటం చూద్దాం. పైన ఒక కొన. అక్కడి నుంచి నాలుగు వాలుగీతలు విచ్చుకుంటూ కిందికి దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఈ అడ్డగీతలు వాలుగీతలను దాటి రెండు పక్కలకూ కొంచెం పొడుగ్గా వెళతాయి. ఆ చివరలను ఎడమన ఒక నిలువు గీత, కుడిన ఒక నిలువు గీత కలుపుతాయి. అన్నిటికంటే కింద, వాలుగీతల చివరలను కలుపుతూ అడుగు గీత ఉంటుంది. అడ్డగీతలను పైవరుస, నడివరుస, దిగువవరుస అందాం. ఒక్కోదాని మీద ఎడమ నుంచి కుడికి 1 నుంచి 6 దాకా ఆరు చోట్లు ఉంటాయి. 1, 6 బయటి చివరలు. 2, 3, 4, 5 వాలుగీతల మీదివి. అడుగువరుసకు బయటి చివరలు లేవు కాబట్టి అక్కడ 2, 3, 4, 5 మాత్రమే. అంటే ‘నడి 3’, ‘దిగువ 3’, ‘అడుగు 3’ మూడూ ఒకే వాలుగీత మీద ఉంటాయి. మొత్తం 23 చోట్లు.

ఆట మొదట్లో ఒక పులి కొన మీద, మిగతా రెండూ పై 3, పై 4 మీద కూర్చుంటాయి. మేకలవారు ఒక మేకను పెడతారు, పులులవారు ఒక పులిని కదుపుతారు. పదిహేను మేకలూ పటం మీదికి వచ్చేదాకా ఏ మేకా కదలకూడదు. పులి పక్కచోటుకు ఒక అడుగు వేయవచ్చు. లేదా పక్కనున్న మేక మీదుగా అదే గీత వెంట దూకి, అవతలి చోటు ఖాళీగా ఉంటే అక్కడ దిగి, ఆ మేకను తినేయవచ్చు. మరో పులి మీదుగా దూకకూడదు. మూడు పులుల్లో దేనికీ కదిలే వీలు లేకపోతే ఆట కట్టు.

ఆట అంతా ఆ దూకుడు నియమంలోనే ఉంది. పులి ఒక మేకను తినాలంటే ఆ మేకకు ఒక వైపు పులి, అదే గీత మీద రెండో వైపు ఖాళీ ఉండాలి. కాబట్టి ఒక గీత మీద మేకకు ఒక పక్కన మరో మేక ఉంటే, ఆ గీత వెంట పులి ఏ వైపు నుంచి వచ్చినా దూకలేదు. ఆ తోడు మేక ఉన్న చోట పులి నిలబడలేదు, దిగనూ లేదు. దీన్నే మూసిన గీత అంటాను. మేకను పెట్టేముందు చూసుకోవలసింది ఇదొక్కటే: ఆ చోటు గుండా సాగే గీతలన్నీ మూసి ఉన్నాయా?

ఇప్పుడు చోట్లను ఈ కంటితో చూడండి. పై 1, పై 6, దిగువ 1, దిగువ 6, అడుగు 2, అడుగు 5 అన్నవి గీతలు ముగిసే మూలలు. వాటి గుండా సాగిపోయే గీత ఒక్కటీ లేదు. అక్కడి మేకను మూడు పులులు కలిసివచ్చినా తినలేవు. కొన కూడా అలాంటిదే, కానీ అది మొదట పులి చేతిలో ఉంటుంది. నడి 1, నడి 6, అడుగు 3, అడుగు 4 గుండా ఒక్కొక్క గీతే సాగుతుంది, కాబట్టి ఒక్క తోడు మేక చాలు. మిగిలిన పన్నెండు చోట్లలో రెండు గీతలు కోసుకుంటాయి. అక్కడ రెండూ మూసి ఉండాలి. మేకలు పోయేది ఎక్కువగా ఈ పన్నెండు చోట్లలోనే.

కొత్తవారు తొందరపడి మొదటి మేకనే పులుల పక్కన, పై 2లో పెడతారు. కొన మీది పులి దాని మీదుగా నడి 2కి దూకవచ్చు, పై 3లోని పులి పై 1కి దూకవచ్చు. రెండు గీతలూ తెరిచే ఉన్నాయి. ముందే పై 1లో మేక ఉన్నా అడ్డగీత మాత్రమే మూసుకుంటుంది, వాలుగీత తెరిచే ఉంటుంది. ఇంకో ప్రమాదం జంట దెబ్బ. పులి నడి 3లోకి వచ్చింది, మేకలు నడి 2లోనూ దిగువ 3లోనూ ఉన్నాయి, నడి 1, అడుగు 3 ఖాళీ అనుకోండి. పులి ఎటైనా దూకగలదు. మీకు ఉన్నది ఒక్క ఎత్తు, కాబట్టి ఒక మేక పోయినట్టే. అదే అడుగు 3లో ముందే మేక ఉండి ఉంటే మిగిలేది ఒక్క బెదిరింపు. నడి 1లో మేకను పెడితే అదీ తీరిపోతుంది.

అందుకే పేర్పు అడుగు నుంచి మొదలవ్వాలి. మొదటి మేక అడుగు 2, తర్వాత 3, 4, 5. ఒక్కో మేకకు ముందు పెట్టినది తోడు. పులి పై 3 నుంచి అడుగు 3కి దిగడానికి మూడు అడుగులు పడుతుంది, మీరు అక్కడ రెండో ఎత్తులోనే కూర్చుంటారు. అడుగు 4కి కూడా మూడు అడుగులే, మూడో మేకను మీరే ముందు పెడతారు. అడుగు 5కి పులికి నాలుగు అడుగులు కావాలి, నాలుగో మేక దానికంటే ముందు పడుతుంది. పులులు ఎలా ఆడినా అడుగువరుస మీ చేతికే వస్తుంది. అది నిండితే దిగువవరుసలోని నాలుగు వాలుగీతలూ కింది నుంచి మూసుకున్నట్టే. ఇక అక్కడ అడ్డగీత ఒక్కటే చూసుకోవాలి.

తర్వాత మూలలు: పై 1, పై 6, దిగువ 1, దిగువ 6. వాటి మధ్య నడి 1, నడి 6. ఆపైన దిగువవరుసను మూల నుంచి లోపలికి నింపుకుంటూ పోవాలి. దిగువ 2కు దిగువ 1 తోడు, దిగువ 3కు దిగువ 2 తోడు, అలా. ఇక్కడికి పద్నాలుగు మేకలు అయ్యాయి. పదిహేనోది నడి 2లో. దానికి పక్కన నడి 1, కింద దిగువ 2 ఉన్నాయి. రెండు గీతలూ మూతే.

పులులవారు చూస్తూ ఊరుకోరు. ఒక పులి వచ్చి దిగువ 1 మూలలో కూర్చుంటుంది. కంగారు పడకండి, మూల పులికి చెడ్డచోటు. దానికి పక్కచోట్లు రెండే: నడి 1, దిగువ 2. అక్కడి మేకల మీదుగా దూకితే దిగేవి పై 1, దిగువ 3. ఈ నాలుగు చోట్లా మేకలుంటే ఆ పులి కట్టుబడిపోయింది. అయితే వరుస ముఖ్యం. వెనకచోటు నింపాకే ముందుచోటు. పై 1, ఆ తర్వాత నడి 1. అడ్డగీత మీద దిగువ 6 నుంచి మొదలుపెట్టి 5, 4, 3, చివరికి 2. దిగువ 3 ఖాళీగా ఉండగా దిగువ 2లో పెడితే ఆ మేకను పులి చేతికి ఇచ్చినట్టే. మధ్యలో పులి మూల వదిలి వెళ్లిపోతే దిగువ 1లో మేకను పెట్టేయండి.

ఒక పులి దిగువ 3లాంటి నడిచోట మొండికేసి కూర్చుంటే, దాన్ని వదిలి మిగతావన్నీ రెండు వైపుల నుంచీ నింపండి. దిగువ 2, దిగువ 4, అడుగు 3 నిండాక దానికి మిగిలే దారి నడి 3 ఒక్కటే. అక్కడ మాత్రం ఆత్రంగా మేకను దింపకూడదు. పై 3 ఖాళీగా ఉంటే పులి దూకేస్తుంది. పై 3లో ఇంకో పులి ఉంటే దిగే చోటు లేక దూకలేదు, కానీ ఆ పై పులి ఒక్క అడుగు పక్కకు జరిగితే మళ్లీ గీత తెరుచుకుంటుంది. ఆ మూతను నమ్ముకోకండి.

ఇక కదిలే దశ. చాలామంది బాగా పేర్చి ఇక్కడ చెడగొట్టుకుంటారు. మేక ముందుకు కదిలితే వెనక ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలోకే పులి దూకుతుంది. దీనికి రెండు ఎత్తుల జరుపు ఉంది. దిగువ 5ను నడి 5కు జరపండి. ఆ వెంటనే అడుగు 5ను దిగువ 5కు ఎక్కించండి. మధ్యలో ఉన్న ఒక్క ఎత్తులో పులి తినాలంటే అది అప్పటికే పై 5లో ఉండాలి. కాబట్టి పై 5లో పులి లేనప్పుడే మొదటి ఎత్తు వేయాలి. మీరు జరిపాక పులి పై 5కి వచ్చినా, అది దూకేలోగా దిగువ 5 నిండిపోతుంది. నడి 5కు పక్కన నడి 6 ఉంది కాబట్టి అడ్డగీత ముందే మూసి ఉంది.

ఇదే జరుపును పై 3లో పులి లేనప్పుడు 3 చోట్లున్న వాలుగీత మీద, పై 4లో లేనప్పుడు 4 చోట్లున్న వాలుగీత మీద వేయండి. మూడూ అయ్యాక నడివరుస, దిగువవరుస రెండూ నిండుగా ఉంటాయి. పై 1, పై 6 మీవే. ఒక మేక అడుగు 2లో మిగులుతుంది. పులులకు కొన, పై 2, 3, 4, 5 అనే ఐదు చోట్లే మిగిలాయి. అందులో మూడు అవే కూర్చున్నాయి, రెండు ఖాళీ.

ఆ రెండింటినీ నింపాలి. పై 2 ఖాళీగా ఉందనుకోండి. కొన మీద పులి లేకపోతే నడి 2ను పై 2కు ఎక్కించి, తర్వాత దిగువ 2తో నడి 2ను నింపండి. కొన మీద పులి ఉండి పై 3లో లేకపోతే పై 1ను పై 2కు జరిపి, నడి 1తో పై 1ను నింపండి. కొన, పై 3 రెంటిలోనూ పులులుంటే ఆ వైపు తొందర వద్దు. అడుగు 2లోని మేకను అడుగు 3కి, మళ్లీ వెనక్కి కదుపుతూ కాచుకోండి. అక్కడికి పులి రాలేదు. పులులు మాత్రం ప్రతిసారీ కదలక తప్పదు, అలా కదిలి కొనో పై 3నో ఖాళీ అయినప్పుడు ఆ వైపు నింపండి. ఈ కాపు ఎత్తు కోసమే ఒక మేకను కింద మిగుల్చుకోవాలి. అది లేనివారు మంచి గోడను తామే తెరుచుకుంటారు.

ఎన్ని మేకలు పోయేదాకా ఆట నిలుస్తుందని కొందరు అడుగుతారు. మూడు పులులూ మొదట కూర్చున్న చోట్లలోనే, అంటే కొన, పై 3, పై 4లలో కట్టాలంటే పది మేకలు కావాలి: పై 1, 2, 5, 6, నడి 2, 3, 4, 5, దిగువ 3, దిగువ 4. పులులు ఒకదాని పక్కన ఒకటి ఉండటం వల్ల ఒకదాని దారిని మరొకటి మూస్తుంది, అందుకే పది సరిపోతాయి. ఒక్క పులి ఒంటరిగా కొన మీద ఉంటే దానికే ఎనిమిది కావాలి. ఐదు మేకలు పోయేదాకా ఆ కట్టు అందుతుంది, ఆరోది పోతే అందదు. అప్పుడు పులులను పక్క నిలువు గీత మీదికి రాబట్టడం ఒక దారి. పై 1, నడి 1, దిగువ 1లలో మూడు పులులూ వరుసగా కూర్చుంటే ఒక్కో వరుసలో 2, 3 చోట్లు నింపి ఆరు మేకలతోనే కట్టేయవచ్చు. తెలిసిన పులి ఆటగాడు మూడింటినీ ఆ గీత మీదికి ఎప్పుడూ తేడు. కనీసం ఒకదాన్ని నడివరుసలో 3 గానీ 4 గానీ చోట నిలుపుతాడు. అక్కడ ఒంటరి పులిని కట్టడానికి ఎనిమిది మేకలు కావాలి.