చెవి కోసం కత్తిరించిన కథ: ఒక ఆవిష్కరణ సభలో రచయిత్రి పఠనం

నమస్కారం. గత ఆదివారం బాగ్‌లింగంపల్లిలో జరిగిన ఒక కథాసంపుటి ఆవిష్కరణ సభకు వెళ్లాను. పుస్తకం గురించి మరో వీడియోలో మాట్లాడతాను. ఈ రోజు రచయిత్రి చేసిన పఠనం గురించి మాత్రమే చెబుతాను. మన సభల్లో వక్తలందరూ మాట్లాడడం ముగించేసరికి రచయితకు పది నిమిషాలు మిగిలితే గొప్ప. ఆ పది నిమిషాలకు ఇంతగా సిద్ధపడి వచ్చినవారిని నేను అరుదుగా చూశాను.

ఆమె ఎంచుకున్నది, ఒక తల్లి తన కుట్టుమిషన్‌ను పాత సామాను వ్యాపారికి అమ్మబోతుండగా కొడుకు నారాయణ పక్కన నిలబడి చూసే ఘట్టం. ఒకే చోటు, ఒకే బేరం కావడంతో ముందు కథ తెలియనివారికి కూడా రెండు వాక్యాల పరిచయం సరిపోయింది. ఆ ఘట్టం పుస్తకంలో ఐదు పేజీలు ఉంది. ఇంటికి వచ్చి నా రికార్డింగ్‌తో పోల్చి చూస్తే, అందులో దాదాపు రెండు పేజీలు ఆమె చదవలేదు.

ఏం మార్చారో చూడండి. అచ్చులో మొదటి వాక్యం ఇది: "రాత్రంతా కురిసి వెలిసిన వాన నీళ్లు నిలిచిన సందులో, అమ్మ పెళ్లినాటి కుట్టుమిషన్‌ను ఎక్కించుకున్న తోపుడుబండి వెనుక నారాయణ నడిచాడు." నడిచేది ఎవరో చివరిదాకా తెలియదు. కన్ను వెనక్కి వెళ్లి చూసుకోగలదు కానీ, చెవికి ఆ వీలు లేదు. ఆమె ఇలా చదివారు: "నారాయణ నడుస్తున్నాడు. ముందు తోపుడుబండి. దాని మీద అమ్మ కుట్టుమిషన్." వాన పోయింది, సందు పోయింది, బొమ్మ మాత్రం వెంటనే కళ్లకు కట్టింది.

సంభాషణల్లో చేసిన పని నాకు ఇంకా నచ్చింది. తెలుగులో "అని అన్నాడు" అనేది సాధారణంగా మాట ముగిశాకే వస్తుంది కాబట్టి, ఆ మాట ఎవరిదో వినేవారికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆమె మొదటిసారి మాత్రం "వ్యాపారి అన్నాడు" అని ముందే చెప్పి, ఆ తరువాత అలాంటివన్నీ తీసేశారు. వ్యాపారి "అమ్మా" అంటాడు, తల్లి "నాయనా" అంటుంది. ఆ పిలుపులే మనిషిని పట్టిస్తాయి. గొంతు మార్చి నటించవలసిన అవసరం రచయిత్రికి రాలేదు. ధర కుదరకముందే ఆపేశారు.

రెండో భాగం మాత్రం కుదరలేదు. ఒక ఉమ్మడి కుటుంబపు పంపకాల కథలోంచి తీసుకున్న ఆ భాగంలో ఐదుగురు బంధువుల పేర్లు వస్తాయి. వారిని పరిచయం చేయడానికే రెండు నిమిషాలు పట్టింది. నా ముందు వరుసలోని పెద్దాయన పుస్తకం తెరిచి ఆ పేజీ వెతకసాగారు. అది దొరికినా, కత్తిరించిన వాక్యాలు అచ్చుతో కలవక మళ్లీ పేజీలు తిప్పారు. కాసేపటికి హాలంతా కాగితాల చప్పుడు వినిపించింది. ఆ సమయాన్ని కూడా మొదటి ఘట్టానికే ఇచ్చి, ఆమె వదిలేసిన రెండు పేజీల్లోంచి, అమ్మేముందు తల్లి మిషన్‌కు చివరిసారి నూనె వేసే పేరాను చదివి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.