ఒకే వైఫై పేరా, రెండు పేర్లా: మొరాయించే పాత పరికరాల కోసం బ్యాండ్ స్టీరింగ్ సర్దుబాటు

నమస్కారం. కొత్త రౌటర్ పెట్టించుకున్న నాటి నుంచి ఫోన్లూ టీవీ చక్కగా పనిచేస్తూ, గీజర్‌కు పెట్టిన స్మార్ట్ ప్లగ్గో, పదేళ్ల నాటి ల్యాప్‌టాప్పో మాత్రం వైఫైకి కుదరకపోతే, అందరూ చెప్పే సలహా ఒకటే ఉంటుంది: 2.4 గిగాహెర్ట్జ్‌కు ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కు ఇంకొక పేరు పెట్టేయండి అని. ఆ సలహా సగమే సరైనదని నా అభిప్రాయం. ఆ మిగతా సగం ఏమిటో మా ఇంట్లో ఎదురైన ఇబ్బందినే ఉదాహరణగా తీసుకుని ఈ వీడియోలో చూపిస్తాను.

మాది మూడు గదుల ఫ్లాటు. రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉంది. స్నానాల గదిలోని గీజర్‌కు 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ ఉంది. రెండు గోడల అవతల, చివరి పడకగదిలో నాన్నగారు తన పాత ల్యాప్‌టాప్ వాడుకుంటారు. కొత్త రౌటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టుకుని వచ్చింది, పరికరాలను ఒక బ్యాండ్ నుంచి ఇంకొక బ్యాండ్ వైపు మళ్లించే బ్యాండ్ స్టీరింగ్ కూడా ముందే ఆన్ చేసి ఉంది. ఆ రోజు నుంచి ప్లగ్ అసలు కలవలేదు. ల్యాప్‌టాప్ కలిసేది గానీ గంటకు నాలుగైదు సార్లు తెగిపోయేది. చూడటానికి రెండూ ఒకే జబ్బులా ఉన్నా, కారణాలు వేరు.

అది అర్థం కావాలంటే ముందు ఒక విషయం తెలియాలి. ఏ బ్యాండ్‌లో చేరాలన్నది నిర్ణయించేది రౌటర్ కాదు, పరికరం. వైఫై ప్రమాణంలో ఆ అధికారం పరికరానికే ఉంది. రౌటర్ చేయగలిగినదల్లా ఒక తలుపు దగ్గర పలకకుండా ఊరుకుని, రెండో తలుపు వైపు వెళ్లేలా చేయడమే. ఒక పరికరం 5 గిగాహెర్ట్జ్‌లో కూడా వినిపించిందంటే దానికి రెండు బ్యాండ్లూ వచ్చునని రౌటర్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరువాత అదే పరికరం 2.4లో పిలిచినప్పుడు కొంతసేపు బదులివ్వదు, లేదా చేరబోతే ఒకటి రెండు సార్లు తిరస్కరిస్తుంది. పరికరం విసిగి 5లో ప్రయత్నిస్తే పని జరిగినట్టే. ఇంతకంటే మర్యాదైన పద్ధతి కూడా ఉంది. 2011లో వచ్చిన 802.11v అనే సవరణ ప్రకారం, రౌటర్ పరికరానికి ఫలానా బ్యాండ్‌కు మారితే బాగుంటుందని సందేశం పంపవచ్చు. ఆ భాష తెలిసిన కొత్త ఫోన్ ఆ సూచనను చదివి మారుతుంది. ఆ భాష రాని పాత పరికరానికి మాత్రం సందేశం అందినా అర్థం కాదు, కాబట్టి కొన్ని రౌటర్లు చివరికి దాని కనెక్షన్‌ను తెంపేస్తాయి. పాత పరికరాల మొండితనమని మనం అనుకునేది చాలావరకు ఇదే.

ఇప్పుడు ప్లగ్ సంగతి చూద్దాం. ఇటువంటి చవక ప్లగ్గుల్లో చాలావాటిలో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వచ్చే చిప్ ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న ESP8266 అటువంటిదే. కాబట్టి ప్లగ్‌ను 5 వైపు మళ్లించే ప్రశ్నే లేదు. చిక్కంతా మొదటిసారి అమర్చేటప్పుడు వస్తుంది. ప్లగ్‌కు తెర లేదు, కీబోర్డు లేదు. మీ వైఫై పేరూ పాస్‌వర్డూ దానికి ఫోన్ యాప్ ద్వారానే చేరాలి. కొన్ని యాప్‌లు ఆ రెండింటినీ తాము పంపే ప్యాకెట్ల పొడవుల్లో సంకేతంగా దాచి పంపుతాయి, ప్లగ్ 2.4లో చెవి ఒగ్గి ఆ పొడవులను లెక్కించుకుంటుంది. ఆ సమయంలో స్టీరింగ్ మీ ఫోన్‌ను 5లో కూర్చోబెట్టి ఉంటే, ఫోన్ చెప్పేది ప్లగ్‌కు చేరదు. యాప్‌లో వంద శాతం దాకా తిరిగే ఆ చక్రం తొంభై దగ్గరో మరెక్కడో ఆగిపోయి, సమయం మించిపోయిందని చెబుతుంది. ప్లగ్ పాడైందని తిరిగి ఇచ్చేసేవాళ్లను నేను చూశాను.

దీనికి పేర్లు విడదీయనక్కరలేదు. రౌటర్ పేజీలో 5 గిగాహెర్ట్జ్ రేడియోను పది నిమిషాలు ఆపండి. ఫోన్ తనంతట తానే 2.4లోకి వస్తుంది. ప్లగ్‌ను అమర్చి, గీజర్ వెలిగి ఆరడం చూశాక 5ను మళ్లీ ఆన్ చేయండి. ప్లగ్ దాచుకున్నది పేరూ పాస్‌వర్డే గనుక అదే పేరు మీద 2.4లో కొనసాగుతుంది. ప్లగ్ తానే ఒక చిన్న వైఫైని ప్రసారం చేసి, ఫోన్‌ను దానికి కలపమనే రెండో పద్ధతి యాప్‌లో ఉంటే, 5ను ఆపే పని కూడా ఉండదు.

అయితే ఇలా చేసినా ప్లగ్ కలవకపోతే నేరం స్టీరింగ్‌ది కాకపోవచ్చు. భద్రత రకం చూడండి. రౌటర్‌లో WPA3 ఒక్కటే ఎంచుకుని ఉంటే, ఇటువంటి పాత చిప్‌లు చాలావరకు ఏ బ్యాండ్‌లోనూ చేరలేవు. పేర్లు ఎన్ని విడదీసినా ఫలితం ఉండదు.

ల్యాప్‌టాప్ కథ వేరు. దాని కార్డుకు రెండు బ్యాండ్లూ వచ్చు, అదే దాని కష్టం. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ రెండు ఆదేశాలు ఇవ్వండి:

```
netsh wlan show interfaces
netsh wlan show wlanreport
```

మొదటిది చూపే వివరాల్లో `Channel` అన్న వరుస చూస్తే చాలు. మన దేశంలో అది 1 నుంచి 13 లోపు ఉంటే 2.4, 36 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 5. రెండో ఆదేశం గడచిన మూడు రోజుల్లో కనెక్షన్ ఎప్పుడు కలిసిందో, ఎప్పుడు తెగిందో ఒక నివేదికగా తయారుచేసి, ఆ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. నాన్నగారి ల్యాప్‌టాప్ నివేదికలో తెగడం, వెంటనే కలవడం, మళ్లీ తెగడం వరుసగా కనిపించాయి. మొదటి ఆదేశాన్ని కొన్ని నిమిషాలకొకసారి ఇచ్చి చూస్తే చానెల్ ఒకసారి 6, ఒకసారి 44, మళ్లీ 6 అని మారుతోంది. అంటే అది రెండు బ్యాండ్ల మధ్య ఊగిసలాడుతోంది.

ఎందుకంటే, అడ్డు లేని చోట కూడా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అదే దూరంలో 2.4 కంటే సుమారు 7 డెసిబెల్స్ తక్కువగా అందుతుంది, గోడలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. రెండు గోడల అవతల సిగ్నల్ సరిగ్గా రౌటర్ పెట్టుకున్న గీత దగ్గర తచ్చాడుతోంది. కొంచెం బాగుందనిపించగానే రౌటర్ దాన్ని 5కు తోస్తుంది. తలుపు మూయగానే సిగ్నల్ పడిపోయి, అది 2.4కు వచ్చేస్తుంది, రౌటర్ మళ్లీ తోస్తుంది. హాల్లో కూర్చుంటే ఈ ఇబ్బంది ఒక్కసారి కూడా రాలేదు. గది మార్చి చూడటమే దీన్ని కనిపెట్టే సులువైన పరీక్ష. సోఫాలో బాగుండి, మంచం మీద తెగుతోందంటే అనుమానం స్టీరింగ్ మీదికి పోవాలి.

ఇక్కడ పేర్లు విడదీస్తే ల్యాప్‌టాప్ కుదురుకుంటుంది, నిజమే. కానీ ఆ మూల్యం ఇంట్లోని ఫోన్లన్నీ చెల్లించాలి. ఒకే పేరున్నప్పుడు ఫోన్ రెండు బ్యాండ్లనూ ఒకే నెట్‌వర్క్‌గా ఎంచి, హాల్లో 5లోనూ, బాల్కనీలో 2.4లోనూ ఉంటూ సాఫీగా మారుతుంది. పేర్లు వేరైతే రెండూ దానికి వేర్వేరు నెట్‌వర్కులు. 5 పేరు మీద కలిసిన ఫోన్, సిగ్నల్ ఒక్క గీత మిగిలేదాకా దాన్నే పట్టుకుని వేలాడుతుంది, వీడియో కాల్ ముక్కలుముక్కలవుతుంది. చివరికి రెండో పేరుకు మారేటప్పుడు కాల్ తెగుతుంది. ఒక పరికరం కోసం పది పరికరాలను ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదు.

అందుకే నేను చేసింది ఇది. అసలు పేరును, స్టీరింగ్‌ను అలాగే ఉంచి, 2.4 బ్యాండ్ మీద మాత్రమే అదనంగా మరొక పేరు పెట్టాను. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా, సాధారణంగా `192.168.1.1` లేదా `192.168.0.1`, తెరిచి లోపలికి వెళ్లండి. స్టీరింగ్‌ను కొన్ని రౌటర్లు `Smart Connect` అనీ, కొన్ని `Band Steering` అనీ చూపిస్తాయి, దాన్ని కదిలించకండి. 2.4 కింద `SSID2` వంటి ఖాళీ స్థానం గానీ, `IoT Network` అన్న విభాగం గానీ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, అసలు పేరుకు భిన్నమైన చిన్న పేరు పెట్టండి. భద్రత `WPA2-PSK`, ఎన్‌క్రిప్షన్ `AES` ఎంచుకోండి. చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, చానెల్ 1, 6, 11లలో ఒకటి. ఈ రెండూ రేడియో మొత్తానికి వర్తిస్తాయి గనుక అసలు పేరు మీది 2.4 కూడా వీటినే అనుసరిస్తుంది.

పేరు గురించి ఒక చిన్న మాట. వైఫై పేరుకు 32 బైట్లే హద్దు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి, కాబట్టి అన్నీ కలిపి పది గుర్తులు దాటితే పట్టవు. పైగా పాత పరికరాల్లో అది చెత్త గుర్తులుగా కనిపిస్తుంది. ఈ ఒక్క పేరుకూ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలే వాడండి, ఖాళీలు వద్దు.

అదనపు పేరుకు ఖాళీ స్థానమే లేని రౌటరైతే కొందరు గెస్ట్ నెట్‌వర్క్ వాడతారు. గెస్ట్ నెట్‌వర్క్‌లోని పరికరాలను రౌటర్ మిగతా ఇంటి నుంచి వేరుగా ఉంచుతుంది. గీజర్ ప్లగ్ ఇంటర్నెట్ ద్వారా పనిచేసేస్తుంది గానీ, ప్రింటర్‌ను అక్కడ కలిపితే ఫోన్‌కు కనిపించదు. స్థానిక నెట్‌వర్క్‌ను చూడనిచ్చే అనుమతి ఆ పేజీలో ఉందేమో చూసుకోండి. మామూలు అదనపు పేరుకు ఈ బెడద లేదు; 5లో ఉన్న ఫోన్ నుంచి 2.4లో ఉన్న ప్రింటర్‌కు కాగితం చక్కగా పోతుంది.

రౌటర్ ఏ దారీ ఇవ్వకపోతే, అప్పుడు పేర్లను పూర్తిగా విడదీయక తప్పదు. అలా చేసేటప్పుడు పాత పేరును 2.4కే ఉంచి, కొత్త పేరును 5కు ఇవ్వండి. పేరు మార్చడం ఫోన్లలో రెండు నిమిషాల పని. ప్లగ్గునూ ప్రింటర్‌నూ మళ్లీ మొదటి నుంచి అమర్చడం ఒక పూట పని.

అదనపు పేరు సిద్ధమయ్యాక ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి, అసలు పేరును ల్యాప్‌టాప్ నుంచి తొలగించండి. ఇది మరిచిపోతే అది మళ్లీ పాత చోటికే పోతుంది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో రెండు యాంటెన్నాల 802.11n కార్డుకు లింకు వేగం 144 మెగాబిట్లు దాటదు, చేతికి అందేది అందులో సగం అనుకోండి. నాన్నగారి వార్తలకూ వీడియో కాల్‌కూ అది చాలు. రౌటర్ పేజీ మీ చేతిలో లేకపోతే, ల్యాప్‌టాప్‌లోనే డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు మీద రెండుసార్లు నొక్కి, `Advanced` కింద `Preferred Band` ఉందేమో చూసి 2.4ను ఎంచుకోవచ్చు, ఇంటెల్ కార్డుల్లో ఇది ఉంటుంది. అయితే అది ల్యాప్‌టాప్ ఇష్టాన్ని మాత్రమే మారుస్తుంది, రౌటర్ తోయడాన్ని ఆపదు.

ఒక్క జాగ్రత్త. ఈ సౌకర్యం చూసి ప్రతి పరికరానికీ ఒక పేరు పెట్టకండి. ప్రతి పేరూ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికిని అత్యల్ప వేగంలో చాటుకుంటూ ఉంటుంది, ఆ సేపు ఆ చానెల్‌లో మరెవరూ మాట్లాడకూడదు. 2.4లో రెండు పేర్లకు ఇబ్బంది లేదు. రెండు రోజులు వాడాక మళ్లీ `netsh wlan show wlanreport` ఇచ్చి చూడండి. మా ల్యాప్‌టాప్ నివేదికలో మార్పు చేసిన తరువాత మిగిలినవి నాన్నగారు మూత మూసినప్పటి తెగింపులే.