గాజుల దుకాణంలో కెమెరా

మిత్రులారా, జనం మధ్య చిత్రీకరణ గురించి మాట్లాడమన్నారు కాబట్టి, చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో లక్క గాజుల మీద ఒక చిన్న చిత్రం తీయబోతున్నామని అనుకుని చెబుతాను.

అక్కడ నాలుగడుగులు వేసేసరికి అనుమతి ఇవ్వవలసినవారు మారిపోతారు. చార్మినార్ భారత పురావస్తు సర్వే రక్షణలో ఉన్న కట్టడం కనుక, దాని ఆవరణలో ట్రైపాడ్ నిలపాలంటే ఆ శాఖ ముందస్తు అనుమతి కావాలి. వీధిలో చేతి కెమెరాతో తీసుకుంటూ పోయేవారిని సాధారణంగా ఎవరూ ఆపరు గాని, స్టాండ్లు, లైట్లు పెట్టి దారికి అడ్డం వచ్చేటట్లయితే పోలీసులను ముందుగా అడగాలి. దుకాణం గడప దాటాక యజమాని ఒప్పుకోవాలి. చిత్రాన్ని ఎక్కడ చూపిస్తామో కూడా ఆయనకు చెప్పి, ఆయన సమ్మతిని కెమెరాలోనే రికార్డు చేసుకోవడం మేలు.

అయితే యజమాని ఇచ్చిన సమ్మతి ఆయన దుకాణానికే గాని, గాజులు తొడిగించుకోవడానికి చెయ్యి చాచిన మహిళకు వర్తించదు. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యతను కోల్పోడన్న మాట 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పులోనే ఉంది. అందుకే కెమెరాను గల్లా వైపు, అమ్మేవారి భుజం పక్కన పెట్టి, కొనేవారి మణికట్టు, గాజులు మాత్రమే కనిపించేటట్లు కిందికి వంచండి. నిజానికి కథంతా ఆ చేతుల్లోనే ఉంటుంది. పిల్లలు ఫ్రేములోకి వస్తే తల్లిదండ్రులను అడగండి. ఎవరైనా వద్దంటే వాదించకుండా, వారి ఎదుటే ఆ భాగాన్ని చెరిపేయండి.

గాజుల దుకాణాల్లో అందరూ మరచిపోయేవి అద్దాలు. ముఖం తప్పించి తీశామనుకుంటాం, వెనక అద్దంలో ఆ ముఖమే నిండుగా కనిపిస్తుంది. కనుక రికార్డు నొక్కే ముందు ఫ్రేము నాలుగు అంచులూ, ప్రతి అద్దమూ చూసుకోవాలి. గల్లా మీది క్యూఆర్ కోడ్ బోర్డులో పేరు, ఫోన్ నంబరు ఉండవచ్చు. బేరం మధ్యలో కొనేవారు పైకి చెప్పిన నంబరును మైకు పట్టేయవచ్చు. ముఖాన్ని మసకబరిచే సాఫ్ట్‌వేర్‌ను గుడ్డిగా నమ్మకండి. మనిషి తల తిప్పినప్పుడో, మధ్యలో ఎవరైనా అడ్డం నడిచినప్పుడో మసక జారిపోయి ఒకటి రెండు ఫ్రేముల్లో ముఖం బయటపడుతుంది. మామూలు వేగంతో చూస్తే అది తెలియదు, ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ చూడాలి.

ఇక భద్రత విషయానికి వస్తే, స్క్రీను మీద కన్ను పెట్టి వెనక్కి నడవడమే అక్కడ పెద్ద ప్రమాదం. సందులో బైకులు, తోపుడు బండ్లు ఆగవు. వెనక్కి నడవవలసి వస్తే భుజం పట్టుకుని నడిపించే మనిషి ఒకరుండాలి; ఆ మనిషి చేతిలో కెమెరా గాని ఫోన్ గాని ఉండకూడదు. రద్దీ పెరిగాక గోడవారగా నిలబడి తీయండి, సంచిని ముందుకు తగిలించుకోండి, మైకు తీగలను నేల మీద వేలాడనివ్వకండి. మొదటిసారి వెళ్లేవారు దుకాణాలు తెరిచే వేళకే చేరుకుంటే, యజమానితో మాట్లాడే తీరికా, అద్దాలు చూసుకునే తీరికా రెండూ దొరుకుతాయి.