ఒక్కరే ఇరవై మేకల్ని చూసుకోవాలంటే వారాన్ని ఎలా పంచుకోవాలి

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడేది ఒక చిన్న యూనిట్ గురించి. ఇరవై ఆడ మేకలు, ఒక పోతు, వాటి పిల్లలు, అన్నీ షెడ్డులోనే ఉంచి మేపేవి, చూసుకునే మనిషి మాత్రం ఒక్కరే. ఇలాంటి చోట పని ఎక్కడ దెబ్బ తింటుందో ముందు చెప్తాను. మేత ఎవరూ మర్చిపోరు, ఎందుకంటే మేకలు అరిచి గుర్తు చేస్తాయి. క్లీనింగ్ కూడా వాసన వస్తే గుర్తొస్తుంది. హెల్త్ చెకప్ ఒక్కటే ఎవరూ అడగరు, దాంతో అది రేపటికి, వచ్చే వారానికి జరుగుతూ పోతుంది, చివరికి మేక పడుకుని లేవనప్పుడు చూస్తాం. అందుకే నా ప్లాన్‌లో చెకప్‌కి విడిగా టైమ్ పెట్టను, దాన్ని మేత వేసే టైమ్‌లోనే కలిపేస్తాను.

పొద్దున షెడ్డు తలుపు తీయగానే మేత వెయ్యొద్దు. రెండు నిమిషాలు అలా నిలబడి చూడండి. ఏది నెమరేస్తోంది, ఏది ఓ మూలకి ఒంటరిగా నిలబడింది, ఏది వీపు వంచి తల వేలాడేసింది, దేని తోక దగ్గర పెంట అంటుకుని ఉంది. మేక పెంటికలు గుండ్రంగా విడివిడిగా పడాలి, ముద్దగా పడితే కడుపులో ఏదో తేడా వచ్చినట్టే. ఆ తర్వాత తొట్లలో నీళ్ళు మార్చి, మొదట ఎండుమేత వేసి, అది కాసేపు నమిలాక దాణా పెట్టండి. ఖాళీ కడుపు మీద దాణా గబగబా తింటే పెద్ద పొట్టలో పులుపు పెరుగుతుంది, అది ముదిరితే ప్రాణానికే వస్తుంది.

దాణా పెట్టేటప్పుడు అన్ని మేకలకీ ఒకేసారి మూతి పెట్టేంత చోటు ఉండాలి, ఒక్కో మేకకి 40 సెంటీమీటర్లు లెక్కేసుకుంటే ఇరవైకి 8 మీటర్ల తొట్టి. చాలామంది ఇది కేవలం కొట్లాటలు ఆపడానికే అనుకుంటారు కానీ నా దృష్టిలో అసలు లాభం వేరే. అందరికీ చోటు ఉన్నప్పుడు రాని మేక ఏదో వెంటనే తెలిసిపోతుంది. చోటు తక్కువైతే బలహీనమైనది వెనక్కి నెట్టబడిందా, లేక ఒంట్లో బాగోక ఆగిపోయిందా అనేది ఒక్క మనిషికి అర్థం కాదు. దాణాకి పరిగెత్తుకు రాని మేకని ఆరోజు తప్పకుండా పట్టుకుని చూడాలి, దీనికి మినహాయింపు లేదు.

ఇప్పుడు మేత లెక్క. 30 కిలోల మేకకి రోజుకి దాదాపు ఒక కిలో ఎండు పదార్థం కావాలి, అంటే నీరు తీసేస్తే మిగిలే మేత. మూడు కిలోల పచ్చిమేత, 300 గ్రాముల ఎండుమేత, 200 గ్రాముల దాణా వేస్తే అటూ ఇటూగా సరిపోతుంది. ఇరవై మేకలకి 60 కిలోల పచ్చిమేత, 6 కిలోల ఎండుమేత, 4 కిలోల దాణా. పచ్చిమేత ముందురోజు సాయంత్రమే కోసి నీడలో పల్చగా పరిచి పెట్టుకుంటే పొద్దున పని తేలికవుతుంది, పైగా కాస్త వాడిన మేతతో కడుపుబ్బరం భయం కూడా తగ్గుతుంది. కుప్పగా వేస్తే మాత్రం లోపల వేడెక్కి బూజు పడుతుంది, చెయ్యి పెట్టి చూసి వెచ్చగా ఉంటే ఆ భాగం పక్కన పడేయండి, పాపం వృథా అవుతుందని మేకలకి వెయ్యొద్దు.

దాణా విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. వారానికి ఒకరోజు, నేనైతే శుక్రవారం మధ్యాహ్నం, దాణా మొత్తం తూకం వేసి పూటకి 2 కిలోల చొప్పున 14 సంచులు కట్టి పెట్టేయండి. చూడి మేకలకి చివరి ఆరు వారాలు ఎక్కువ కావాలి, పాలిచ్చేవాటికి ఇంకా ఎక్కువ, వాటికి వేరే రంగు సంచులు. ఇలా ఎందుకంటే మీకు జ్వరం వచ్చి ఆ పూట పక్కింటివాళ్ళు మేత వేయాల్సి వస్తే వాళ్ళు డబ్బాతో అంచనాగా పోసి మేకల మీద ప్రేమతో ఎక్కువే పోస్తారు. ఎండుమేత ఎక్కువైతే మిగిలిపోతుంది అంతే, దాణా ఎక్కువైతే మేక పోతుంది. దాణా రకం మార్చాలన్నా పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజులు తీసుకోండి.

చేత్తో పట్టుకుని చూడటం గురించి. ఇరవై మేకల్నీ ఒకేరోజు చూద్దాం అనుకుంటే ఏడో ఎనిమిదో మేకకే నడుం పట్టేస్తుంది, మిగతావి పైపైన చూసి వదిలేస్తాం. అందుకని సోమ, మంగళ, బుధ, గురువారాలు రోజుకి ఐదు. దాణా తినేటప్పుడే మెడపట్టీ పట్టుకుంటే పరిగెత్తించక్కర్లేదు. ఒక్కో మేకకి నాలుగైదు నిమిషాలు. కంటి కింది రెప్ప దించి లోపలి రంగు, దవడ కింద వాపు, వెన్నెముక మీద నడుం దగ్గర కండ, పొదుగు, గిట్టలు. నడుం ఎముకలు చేతికి పదునుగా తగిలితే మేక చిక్కినట్టు, బొచ్చు మీద కంటికి అది కనపడదు, చెయ్యే చెప్పాలి. ఆ ఐదింటిలో గిట్ట పెరిగి కిందికి మడుచుకున్నవి ఒకటో రెండో ఉంటే అప్పుడే కత్తిరించేయండి, అలా చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అన్నిటి గిట్టలూ ఒక రౌండ్ అయిపోతాయి. శుక్రవారం పోతునీ పిల్లల్నీ చూడాలి, పిల్లల్ని తూకం వేయాలి. వారం వారం పెరగాల్సిన పిల్ల అదే తూకంలో ఆగిపోతే బయటికి ఇంకే లక్షణం లేకపోయినా లోపల ఏదో ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మంగళవారం పొద్దున ఏడో నంబర్ మేక దాణాకి ఆలస్యంగా వచ్చింది, తింటోంది కానీ నెమ్మదిగా. మొదట టెంపరేచర్ చూడాలి, పొద్దున చల్లగా ఉన్నప్పుడే, మధ్యాహ్నం ఎండకి ఆరోగ్యంగా ఉన్న మేకకీ పెరుగుతుంది. 39.2 డిగ్రీలు వచ్చింది, 38.5 నుంచి 39.5 వరకు మామూలే కాబట్టి జ్వరం లేదు. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి ఒక నిమిషం ఉంచితే పెద్ద పొట్ట ఒకటి రెండు సార్లు కదలాలి, కదిలింది, ఉబ్బరం లేదు. పెంటికలు బాగానే ఉన్నాయి. కంటి రెప్ప లోపల మాత్రం ఎర్రగా ఉండాల్సింది తెల్లబారి ఉంది, దవడ కింద మెత్తటి వాపు. విరేచనాలు లేవు కదా నట్టలు కాదేమో అని ఇక్కడే చాలామంది పొరబడతారు. నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగే సన్న పురుగు ఒకటుంది, అది విరేచనాలు తెప్పించదు, రక్తం తగ్గించేస్తుంది. రక్తంలో ప్రోటీన్ పడిపోయి నీరు దవడ కిందికి దిగుతుంది.

ఇప్పుడు ఏం చేయాలంటే పెంటికలు శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపాలి, ఎందుకంటే కార్జపు జలగ వల్ల కూడా ఇలాగే రెప్పలు తెల్లబడతాయి, ఒంటి పేలు బాగా పట్టినా రక్తం తగ్గుతుంది, అన్నిటికీ మందు ఒకటే కాదు. ఇంత తెల్లబారినప్పుడు రిపోర్ట్ కోసం రోజులు ఆగకుండా అదేరోజు డాక్టర్‌తో మాట్లాడి నట్టల మందు పట్టాలి. మేకని తూకం వేసి డోసు అడగండి, కంటి అంచనా వద్దు, గొర్రె డోసు మేకకి పెట్టొద్దు, చాలా నట్టల మందుల్ని మేక ఒళ్ళు గొర్రె కంటే త్వరగా బయటికి పంపేస్తుంది కాబట్టి డోసు మారుతుంది. డోసు తక్కువైతే బలమైన పురుగులే మిగిలి, వాటి పిల్లల మీద ఆ మందు పనిచేయడం మానేస్తుంది. ఈ కారణంతోనే ఇరవై మేకలకీ ఒకే రోజు మందు పట్టడం నాకు ఇష్టం లేదు, రెప్ప తెల్లబడినవాటికే పడితే మందు తగలని పురుగులు కూడా మందలో కొన్ని ఉండి, మందుకి లొంగనివే మిగలకుండా చూస్తాయి. పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య మళ్ళీ పెంటికలు టెస్ట్ చేయిస్తే మందు పనిచేసిందో లేదో తేలుతుంది. రెప్ప రంగు తిరిగి రావడానికి వారాలు పడుతుంది, మూడో రోజుకి ఎర్రబడలేదని రెండోసారి మందు పట్టకండి. ఆ ఏడో నంబర్‌ని పిల్లల దగ్గర్లో విడిగా కట్టి మంచి దాణా, చెట్ల ఆకు పెట్టండి, పాలు ఎన్నాళ్ళు వాడకూడదో మందు లేబుల్ మీద చూసి గోడ క్యాలెండర్ మీద రాయండి. ఆ వారం ఐదు ఐదు చూసే చెకప్‌లో తెల్ల రెప్పలు రెండు కంటే ఎక్కువ దొరికితే మాత్రం ఆగకుండా మిగతావన్నీ రెండు రోజుల్లో చూసేయాలి, అప్పుడది ఒక మేక సమస్య కాదు.

క్లీనింగ్ దగ్గరికి వద్దాం. రోజూ చేయాల్సింది తక్కువే, తొట్టిలో మిగిలిన మేత తీసేయడం, తడి మచ్చలు గీకేయడం. నీళ్ళ తొట్లు వారానికి రెండుసార్లు బ్రష్‌తో రుద్దండి, లోపల చెయ్యి పెడితే జిగురుగా తగిలితే మేక నీళ్ళు తగ్గించేస్తుంది, మేత తగ్గడానికి అదే మొదటి కారణం అవుతుంది. పెద్ద క్లీనింగ్ శనివారం, ఎండ బాగా వచ్చాక. మేకల్ని బయట దొడ్లోకి వదిలి, నేల మొత్తం గీకి, పెంట దూరంగా గుంటలో వేసి, నేల ఆరనిచ్చి, సున్నం పొడి పల్చగా చల్లి, అది నేలకి పట్టాక పొడి గడ్డి పరిచి అప్పుడు లోపలికి తేవాలి. మట్టి నేలని నీళ్ళతో కడగొద్దు అండి, శుభ్రంగా కనిపిస్తుంది కానీ ఆ తడిలోనే చిన్న పిల్లలకి రక్త విరేచనాలు తెచ్చే క్రిములు బతుకుతాయి, గిట్టలూ మెత్తబడి కుళ్ళుతాయి. శనివారం వాన పడితే క్లీనింగ్ ఆదివారానికి జరపండి, తడి మీద సున్నం చల్లి అయిందనిపించొద్దు. షెడ్డులో గాలి బాగుందో లేదో నిలబడి చూస్తే తెలియదు, మేక పడుకున్నప్పుడు దాని ముక్కు నేలకి ఒక అడుగు ఎత్తులోనే ఉంటుంది, అక్కడ గొంతుక్కూర్చుని పీల్చండి, కళ్ళు మండితే రాత్రంతా అది పీల్చేది అదే గాలి.

ఆదివారానికి నేను రోజువారీ పని తప్ప ఏమీ పెట్టను. వారంలో ఒక మేక ఈనినా, ఒకదానికి పొదుగు వాపు వచ్చినా ఆ రోజు పని అంతా ఎగిరిపోతుంది, అది ఇక్కడికి జరుపుకోవాలి. ఈనే వారం అయితే ముందే తెలుస్తుంది, పోతు దాటిన తేదీకి 150 రోజులు కలిపి క్యాలెండర్ మీద రాసుకుంటే చాలు. ఆ వారం గిట్టలు ఆపేయండి, తూకాలు ఆపేయండి, పెద్ద క్లీనింగ్ కూడా ఈనే గది ఒక్కదానికే చేయండి. పిల్ల పుట్టిన గంటలోపు జున్ను పాలు తాగాలి, మూడు కిలోల పిల్ల అయితే మొదటి రోజంతా కలిపి 300 మిల్లీలీటర్లకి తగ్గకుండా, అది లేచి పొదుగు అందుకోలేకపోతే మీరే పిండి పట్టాలి. దాణాకి ఎవరు రాలేదో చూడటం, ఐదు మేకల రెప్పలు చూడటం మాత్రం ఆ వారం కూడా ఆపొద్దు, ఈనిన తర్వాత మొదటి వారాల్లోనే తల్లి మేకల్లో నట్టల గుడ్లు బాగా పెరుగుతాయి.