ములుకర్ర, కాళ్ల బంధం: రెండు రకాల గుండె మందులు

సభకు నమస్కారం. శ్రీకాకుళం జిల్లా నలుమూలల నుంచి వచ్చిన నర్సులకు, మందుల దుకాణాల మిత్రులకు ఈ రోజు ఒకే విషయం చెప్పదలిచాను. అటెనోలాల్, డిల్టియాజెమ్, ఆమ్లోడిపిన్ మూడింటినీ మన ఊళ్లలో ‘బీపీ బిళ్ల’ అనే అంటారు గానీ, గుండె మీద వాటి పని ఒకటి కాదు.

గుండెలో ప్రతి కొట్టుకోలుకూ ఆరంభం సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు. భయపడినప్పుడో మెట్లెక్కినప్పుడో అడ్రినలిన్ అక్కడి బీటా గ్రాహకాలను తట్టి, ములుకర్రతో ఎద్దును అదిలించినట్టు, వేగాన్నీ సంకోచ బలాన్నీ పెంచుతుంది. అటెనోలాల్ వంటి బీటా బ్లాకర్ ఆ ములుకర్రను లాగేసుకుంటుంది. అందుకే దాని ప్రభావం కూర్చున్నప్పటి కంటే నడిచినప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది.

కాల్షియం చానల్ బ్లాకర్ల దారి వేరు. సైనస్ నోడ్‌లోనూ, పై గదుల నుంచి కింది గదులకు సంకేతాన్ని దాటించే ఏవీ నోడ్‌లోనూ విద్యుత్ పొంగు ప్రధానంగా కాల్షియం వల్లనే లేస్తుంది. వెరపమిల్, డిల్టియాజెమ్ ఆ కాల్షియం వచ్చే తలుపునే మూస్తాయి. అంటే అదిలింపును ఆపడం కాదు, ఎద్దు కాళ్లకే బంధం వేయడం. కండరంలోకి కాల్షియం తగ్గడంతో సంకోచ బలమూ తగ్గుతుంది, వెరపమిల్‌తో మరీ ఎక్కువగా. అందుకే పంపింగ్ తగ్గిన గుండెకు ఈ రెండింటినీ ఇవ్వరు. అదే గుండెకు బిసోప్రొలాల్ వంటి కొన్ని బీటా బ్లాకర్లను మాత్రం 1.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా పెంచుతారు; నిరంతర అదిలింపు నుంచి విశ్రాంతి దొరికితే ఆ గుండె కాలక్రమంలో కొంత కోలుకుంటుంది. ఆమ్లోడిపిన్ కూడా కాల్షియం చానల్ బ్లాకరే అయినా దాని సంగతి వేరే: మామూలు మోతాదులో అది పనిచేసేది ముఖ్యంగా రక్తనాళాల గోడల మీద కాబట్టి, నాడిని నెమ్మదింపజేయదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఉద్దానంలో 62 ఏళ్ల కొబ్బరి రైతు, కిడ్నీ పనితీరు సగానికి పడిపోయినవాడు, ఏళ్లుగా అటెనోలాల్ 50 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడు. ఛాతీ నొప్పికని ఇంకో చోట చూపించుకుంటే, పాత చీటీ అడగకుండా డిల్టియాజెమ్ రాశారు. వారానికి, మంచం మీంచి లేస్తూనే కళ్లు తిరిగి పడ్డాడు. నాడి నిమిషానికి 36. ఈసీజీలో పై గదుల అలలు ఒక లెక్కన, కింది గదుల అలలు మరో లెక్కన పోతున్నాయి: ఏవీ నోడ్ దారి పూర్తిగా మూసుకుపోయింది. అటెనోలాల్ బయటికి పోయేది ప్రధానంగా మూత్రం ద్వారానే కాబట్టి, అది ఒంట్లో పేరుకుంది. ఆపైన కాళ్ల బంధం పడింది. ఇలాంటివారిలో పొటాషియం కూడా పెరిగి ఉండవచ్చు, దాన్ని తప్పక చూడాలి. అట్రోపిన్ ఒక్కటే చాలకపోవచ్చు. తాత్కాలిక పేస్‌మేకర్ ఉన్న చోటికి ఆలస్యం లేకుండా పంపాలి.

దుకాణంలో రెండు చీటీలు పక్కపక్కన పెట్టుకుని, ‘-లాల్’తో ముగిసే పేరొకటి, డిల్టియాజెమ్ లేదా వెరపమిల్ మరొకటి కనిపిస్తే, బిళ్లలు ఇచ్చే ముందు రోగి మణికట్టు పట్టుకుని నిండు నిమిషం నాడి లెక్కపెట్టి, రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి. పాత బీటా బ్లాకర్‌ను మనంతట మనమే ఆపమని మాత్రం చెప్పకూడదు. అకస్మాత్తుగా ఆపితే ఛాతీ నొప్పి విజృంభించే ప్రమాదం ఉంది.